వార్షికోత్సవంలో ఏ ఆట ముందు, ఏ పాట వెనుక

పాఠశాల వార్షికోత్సవంలో పాటలు, నృత్యాలు ఏ వరుసలో రావాలో రాసుకునే కాగితాన్ని బడుల్లో ఐటమ్స్ లిస్టు అంటారు. ముందు ప్రార్థన, తర్వాత స్వాగతం, ఆపైన హుషారైన పాటలు, చివర దేశభక్తి గీతం. కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళకు అదంతా రుచికీ మర్యాదకీ సంబంధించిన వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఆ వరుసలో ముప్పాతిక వంతు తేలేది తెర వెనుక, గ్రీన్ రూమ్‌లోనే. ఒకే పిల్ల ఎన్ని ఐటమ్స్‌లో ఉంది, ఒక వేషం విప్పి మరొకటి కట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది, చంటిపిల్లలు ఎప్పటిదాకా ఏడవకుండా ఉంటారు అన్న మూడు లెక్కలు కుదిరాకే రుచి సంగతి వస్తుంది.

ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, ఎల్‌కేజీతో మొదలుపెట్టి పదో తరగతిదాకా తరగతుల వారీగా పేర్చుకుంటూ పోవడం. చూడటానికి అంతకన్నా న్యాయమైన వరుస ఉండదు. ఏ తరగతి టీచరూ మాట్లాడటానికి వీలుండదు. చిక్కల్లా ఎక్కడంటే, చిన్న తరగతుల్లో ఒక్కో పిల్లవాడు ఒక్క ఐటమ్‌లోనే ఉంటాడు. పై తరగతులకు వచ్చేసరికి బాగా ఆడేవాళ్ళు ఓ పదిమంది ఉంటారు, ప్రతి టీచరూ ఆ పదిమందినే అడుగుతారు. తరగతుల వారీగా వెళ్తే ఆ పదిమంది ఐటమ్స్ అన్నీ ఆఖరి అరగంటలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. అప్పుడు తెర మూసి ఉంటుంది, యాంకర్ మూడోసారి ‘మరికొద్ది క్షణాల్లో’ అంటుంది, లోపల ఒక అమ్మాయి జడలోంచి పిన్నులు పీక్కుంటూ ఏడుస్తూ ఉంటుంది.

అందుకే లిస్టు రాయడానికి ముందు ఒక్కో ఐటమ్‌కు ఒక్కో చీటీ రాస్తారు. చీటీ మీద పాట పేరు, ట్రాక్ నిడివి, పిల్లల పేర్లు, వేషం, వేదిక మీద కావలసిన సామాను ఉంటాయి. పిల్లల పేర్లు అన్నప్పుడు ‘8వ తరగతి అమ్మాయిలు’ అని రాస్తే చాలదు, పేరుపేరునా రాయాలి. గొడవలన్నీ దాక్కునేది ఆ పేర్లలోనే. ట్రాక్ నిడివి కూడా టీచరును అడిగి రాసుకునేది కాదు, పాట వేసి చూసి రాసుకోవాలి. ‘మూడు నిమిషాలే అండీ’ అన్న మెడ్లీ వేసి చూస్తే ఐదు నిమిషాలుండటం మామూలే.

ఒక బడిని ఊహించుకుందాం. ఎల్‌కేజీ నుంచి పదిదాకా తరగతులు, 14 ఐటమ్స్, సాయంత్రం 5:30కు మొదలు. ట్రాకుల నిడివి అంతా కలిపితే 65 నిమిషాలు వచ్చింది. సభా కార్యక్రమానికి, అంటే జ్యోతి ప్రజ్వలన, నివేదిక, ముఖ్య అతిథి మాట, బహుమతులకు, 50 నిమిషాలు. మొత్తం రెండు గంటల లోపే అనుకుంటారు. ఇక్కడ వదిలేసిన సంగతి ఐటమ్‌కూ ఐటమ్‌కూ మధ్య పోయే సమయం. ఆడినవాళ్ళు దిగాలి, తర్వాతివాళ్ళు ఎక్కి తమ చోట్లలో నిలబడాలి, యాంకర్ రెండు వాక్యాలు చెప్పాలి, పాట మొదలవ్వాలి. ఎంత చురుగ్గా చేసినా దీనికి సగటున రెండున్నర నిమిషాలు పట్టొచ్చు. పద్నాలుగు సార్లకు 35 నిమిషాలు. అంటే 65, 35, 50 కలిపి సరిగ్గా రెండున్నర గంటలు, ముగింపు 8 గంటలకు. సభ అరగంట ఆలస్యంగా మొదలయ్యే అలవాటు మనకుంది కనుక 8:30. ఆరుబయట జరిగే సభ అయితే రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్ మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఈ బడికి ఆ భయం లేదు. ఇదే లెక్కన 25 ఐటమ్స్ పెట్టుకున్న బడికి ఉంటుంది.

నిడివి తేలాక పేర్ల పని. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా ఐటమ్స్, నిలువుగా ఒకటికన్నా ఎక్కువ ఐటమ్స్‌లో ఉన్న పిల్లల పేర్లు రాసి, ఎవరు ఎందులో ఉంటే అక్కడ టిక్ పెడతారు. మన బడిలో 14 ఐటమ్స్‌కు గాను ఇలా ముడిపడ్డవి ఆరు. కూచిపూడి ప్రార్థనా నృత్యంలో ఆరుగురు అమ్మాయిలుంటే వాళ్ళలో నలుగురు లంబాడి నృత్యంలోనూ ఉన్నారు. తొమ్మిదో తరగతి అబ్బాయిలు కొందరు భాంగ్రాలోనూ మూకాభినయంలోనూ ఉన్నారు. ఈ రెండు గుంపుల నుంచీ కొందరు చివరి దేశభక్తి నృత్యంలో కనిపిస్తారు. పదో తరగతి పాటల మెడ్లీలోని ఇద్దరికి కూడా ఆ చివరి నృత్యంలో పాత్ర ఉంది. మిగతా ఎనిమిదీ, అంటే స్వాగత గీతం, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల అభినయ గీతాలు, ఒకటో తరగతి జానపదం, రెండు మూడు తరగతుల సినిమా పాట, నాలుగో తరగతి కోలాటం, ఐదో తరగతి హాస్య నాటిక, ఏడో తరగతి ధింసా, ఎవరితోనూ ముడిపడనివి. ఈ ఎనిమిదీ ఎక్కడికి జరిపినా ఎవరికీ ఇబ్బంది లేదు. లిస్టు తయారుచేసేవాళ్ళకు వీటి విలువ తర్వాత తెలుస్తుంది.

వేషం మార్చుకోవడానికి పట్టే సమయం రెండు వైపులా ఒకటి కాదు. కూచిపూడి వేషంలోకి వెళ్ళాలంటే జడకు పూలు, జడగంటలు, తలసామాను, వడ్డాణం, గజ్జెలు, పారాణి, కళ్ళకు దిద్దే కాటుక అన్నీ కావాలి. అలవాటైన మేకప్ మనిషి ఉన్నా ఒక్కొక్కరికి అరగంట పైనే. దానిలోంచి బయటికి రావడం చాలా తేలిక. ఆభరణాలు తీసి, గజ్జెలు విప్పి, దుస్తులు మార్చుకుంటే పావుగంట. ముఖానికి వేసిన రంగు లంబాడి వేషానికీ పనికొస్తుంది, పాదాల పారాణి ఎవరికీ అడ్డు రాదు. కాబట్టి బరువైన వేషాన్ని మొదటికి పెడితే ఆ పిల్లలు ఇంటి నుంచో గ్రీన్ రూమ్ నుంచో తీరుబడిగా ముస్తాబై వస్తారు, ఆ తర్వాత మిగిలేది విప్పే పనే. కూచిపూడితో సభ మొదలుపెట్టడం భక్తి వల్ల వచ్చిన సంప్రదాయమే అయినా, గ్రీన్ రూమ్‌కు అంతకన్నా అనువైన సంప్రదాయం ఇంకోటి దొరకదు.

భాంగ్రా, మూకాభినయం విషయంలోనూ ఇదే తర్కం, కాస్త వేరే తీరులో. మూకాభినయానికి ముఖమంతా తెల్ల రంగు పూస్తారు. ఆ రంగు చెంపల మీద ఉండగా తలపాగా కట్టుకుని భాంగ్రా ఆడితే నవ్వులపాలే. దాన్ని కడగాలంటే నూనె రాసి, తుడిచి, సబ్బు పెట్టాలి. బడి కుళాయి దగ్గర ఐదుగురు వరుసలో నిలబడితే పావుగంట చాలదు. అందువల్ల భాంగ్రా ముందు, మూకాభినయం తర్వాత. పైగా ఆ రంగు కడుక్కుని దేశభక్తి నృత్యానికి రావాలి కనుక, మూకాభినయానికీ చివరి నృత్యానికీ మధ్య కనీసం అరగంట ఉండాలి. ఇలాంటి నియమాలు రెండో మూడో తేలగానే చీటీలు బల్ల మీద వాటంతట అవే వరుసలోకి వస్తాయి.

ఇంకో మాట. పట్టికలో ఎంత జరిపినా కుదరని ముడి ఒక్కోసారి మిగిలిపోతుంది. అప్పుడు వరుసను కాదు, మనిషిని మార్చాలి. అది చివరి వారంలో చేస్తే, నెల రోజులు నేర్చుకున్న పిల్లను తీసేయాల్సి వస్తుంది. అందుకని ఈ టిక్కుల పట్టిక వేయాల్సింది నృత్యాలు నేర్పాక కాదు, పిల్లలను ఎంపిక చేసుకునే రోజునే. ఒక్కొక్కరికి రెండు ఐటమ్స్ మించకూడదు, దేశభక్తి నృత్యం దీనికి మినహాయింపు అన్న ఒక్క నియమం ఆ రోజున పెట్టుకుంటే సగం తలనొప్పి పుట్టదు. పెద్దగా ఆడటం రాని పిల్లలకు ఓ చోటు దొరుకుతుంది కూడా.

చంటిపిల్లల లెక్క దీనికి పూర్తిగా వేరు. వాళ్ళకు వేషం మార్పు లేదు, ఓపిక ఒక్కటే సమస్య. సీతాకోకచిలుక రెక్కలు కట్టించుకుని 4:30కే వచ్చి కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల 6 గంటలదాకా బాగుంటుంది. 7 దాటితే ఆకలి, నిద్ర, అమ్మ. కాబట్టి ఎల్‌కేజీ, యూకేజీ మొదటి ముప్పావు గంటలోపు అయిపోవాలి. అయితే ఆ రెంటినీ ఒకదాని వెంట ఒకటి పెట్టడం తప్పు. ఇరవై మంది చిన్నపిల్లలను వేదిక మీదికి తెచ్చి, ఒక్కొక్కరిని సుద్దముక్కతో గీసిన గుర్తు మీద నిలబెట్టేది ఆ ఇద్దరు ముగ్గురు టీచర్లూ ఆయాలే. ఎల్‌కేజీ పిల్లలను దించి తల్లులకు అప్పగిస్తున్నప్పుడే యూకేజీ పిల్లలను ఎక్కించడం వాళ్ళ వల్ల కాదు. మధ్యలో తమంతట తాము ఎక్కి తమంతట తాము దిగే పెద్దపిల్లల ఐటమ్ ఒకటి పడితే వాళ్ళకు ఊపిరి అందుతుంది. మన బడిలో ఆ చోట భాంగ్రా చక్కగా సరిపోయింది. ఆ అబ్బాయిలు ముందే తలపాగాలతో సిద్ధంగా ఉంటారు, మూకాభినయానికి వాళ్ళకు గంటకు పైగా సమయమూ చిక్కుతుంది.

సభా కార్యక్రమం ఎక్కడ పెట్టాలన్నది ప్రతి బడిలో వాదన. ప్రసంగాలన్నీ మొదట్లోనే ముగించాలన్నది ఒక పద్ధతి. దానివల్ల మొదటి గంటలో పిల్లలంతా ముస్తాబై ఖాళీగా కూర్చుంటారు, చిన్నవాళ్ళు నలిగిపోతారు. వేషాలు మార్చుకోవాల్సిన వాళ్ళకు ఆ గంట ఎందుకూ పనికిరాదు, వాళ్ళింకా ఒక్క ఐటమ్ కూడా ఆడలేదు కదా. అదే 40 నిమిషాల సభను నడిమధ్యకు తెస్తే, అది గ్రీన్ రూమ్‌కు దొరికే అతి పెద్ద విరామం అవుతుంది. అతిథి మాట్లాడుతున్నంతసేపూ వెనుక ప్రశాంతంగా వేషాలు మారతాయి. ప్రసంగం నిడివి పెరిగినా సణగని వాళ్ళు సభలో ఎవరైనా ఉంటే మేకప్ మనిషే. ఇంకో లాభం కూడా ఉంది. తమ పిల్లల ఐటమ్ అవగానే లేచి వెళ్ళే తల్లిదండ్రులు, బహుమతి రావాల్సి ఉంటే మధ్యదాకా ఆగుతారు. ఎల్‌కేజీ తల్లిదండ్రులు మాత్రం 6:30కు వెళ్ళిపోతారు. కొన్ని బడులు వాళ్ళను ఆపడానికి చంటిపిల్లలను చివరిదాకా గ్రీన్ రూమ్‌లో ఉంచుతాయి. నాలుగు వరుసల కుర్చీలు నిండుగా కనబడటానికి అది చెల్లించకూడని మూల్యం.

ఇవన్నీ కలిపితే మన బడి లిస్టు ఇలా వచ్చింది. 5:30కు ప్రార్థన, రాష్ట్ర గీతం, జ్యోతి ప్రజ్వలన కలిపి పది నిమిషాలు. 5:40కు కూచిపూడి. దాని తర్వాత స్వాగత గీతం, ఆపైన ఎల్‌కేజీ, భాంగ్రా, యూకేజీ, ఒకటో తరగతి జానపదం. 6:19కి లంబాడి నృత్యం. కూచిపూడి ముగించుకుని 5:46కు దిగిన నలుగురు అమ్మాయిలకు మధ్యలో అరగంట పైనే దొరికింది. 6:25 నుంచి 7:05దాకా సభ. మళ్ళీ తెర లేచాక మొదట ఏది అన్న దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. వేషం లెక్క ప్రకారం మూకాభినయం అక్కడ పెట్టొచ్చు. కానీ 40 నిమిషాలు ప్రసంగాలు విన్న జనం అప్పటికి పక్కవాళ్ళతో కబుర్లలో ఉంటారు, కొందరు టీ కోసం లేస్తారు. మాట లేని ఐటమ్ ఆ సందడిలో కొట్టుకుపోతుంది. అందుకని ముందు రెండు మూడు తరగతుల సినిమా పాట పెట్టి, జనం చూపు వేదిక మీదికి తిరిగాక 7:12కు మూకాభినయం. ఆ తర్వాత కోలాటం, హాస్య నాటిక.

బడిలో చివరి ఏడాది చదివేవాళ్ళు కనుక పదో తరగతి మెడ్లీకి చివరి నుంచి రెండో చోటు ఇవ్వాలని అందరి కోరిక. అలా ఇస్తే ఆ ఇద్దరు పిల్లలకు దేశభక్తి నృత్యానికి మధ్య రెండున్నర నిమిషాలే మిగులుతాయి. అందుకని మధ్యలో ధింసాను జరిపారు. ఎవరితోనూ ముడిపడని ఐటమ్ విలువ ఇక్కడ తెలిసింది. అరకు ప్రాంతపు ధింసాలో ఆడేవాళ్ళు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పట్టుకుని గొలుసులా కదులుతారు. ఒక పక్క నుంచి గొలుసుగా వచ్చి రెండో పక్క నుంచి గొలుసుగానే వెళ్ళిపోతారు, ఎక్కడానికీ దిగడానికీ సమయమే పట్టదు. దానివల్ల దొరికింది తొమ్మిది నిమిషాల లోపే. దేశభక్తి నృత్యానికి వేసుకునే తెల్ల పైజామా మీదనే మెడ్లీ వేషం తొడుక్కుంటే, మధ్యలో పైది విప్పి కుర్తా వేసుకోవడానికి అది సరిపోతుంది. 7:52కు దేశభక్తి నృత్యం, 8 గంటలకు ముగింపు. మూకాభినయం ముగించి దిగిన అబ్బాయిలకు ముఖం కడుక్కోవడానికి అరగంట పైనే మిగిలింది.

వరుసలో వేదిక నేల గురించి కూడా ఆలోచించాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. స్వాగత నృత్యమైనా చంటిపిల్లల పాటైనా పూలరేకులు, మెరుపు కాగితాలు చల్లితే, వెంటనే వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళు జారతారు. కోలాటం కర్రల పెచ్చులు, తెగిన హారాల పూసలు పాదాలకు గుచ్చుకుంటాయి. మన లిస్టులో ఎల్‌కేజీ తర్వాత బూట్లు వేసుకున్న భాంగ్రా రావడం అదృష్టం. కోలాటం తర్వాత నాటిక రావడం మాత్రం అదృష్టం కాదు. నాటికకు బెంచీలు వేయడానికి ఎలాగూ తెర మూయాలి, అదే వ్యవధిలో ఒకరు చీపురుతో నేల ఊడుస్తారు. తెర మూసి ఉన్నప్పుడు యాంకర్‌ను మాటలతో సాగదీయమనడం కన్నా, తెర ముందు ఒక పిల్లవాడితో రెండు పద్యాలు చెప్పించడం మేలు. దానికి ఒక్క మైకు చాలు.

లిస్టు ఖాయమయ్యాక పాటలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లోకి అదే వరుసలో చేరాలి. ఫైళ్ళ పేర్లలో అంకెలు రెండు స్థానాల్లో ఉండాలి, `01_kuchipudi.mp3`, `02_swagatham.mp3` అన్నట్టు. వట్టి 1, 2 అని పెడితే కొన్ని ప్లేయర్లలో 1 తర్వాత 10, 11 వచ్చి 2 ఎక్కడో కిందికి పోతుంది, సౌండ్ మనిషి స్వాగత గీతం పిల్లలకు కోలాటం పాట వేస్తాడు. ఫోన్ నుంచి పాట వేసే బడుల్లో భాంగ్రా మధ్యలో ఎవరి ఫోనో మోగడం అందరూ చూసిందే. లిస్టు కాపీలు కనీసం నాలుగు కావాలి. గ్రీన్ రూమ్ గోడకు ఒకటి, సౌండ్ మనిషికి ఒకటి, యాంకర్‌కు ఒకటి, తెర లాగేవాళ్ళకు ఒకటి. గోడ మీది కాపీని చూసి పిల్లలను పిలిచేందుకు ప్రత్యేకంగా ఒక టీచరును పెడతారు. ఒక ఐటమ్ ఆడుతుండగా తర్వాతిది వేదిక పక్క మెట్ల దగ్గర, ఆ తర్వాతిది గ్రీన్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉండేలా చూడటం ఆ టీచరు పని.

వరుస పనిచేస్తుందో లేదో వేషాలతో చేసే చివరి రిహార్సల్‌లో తెలిసిపోతుంది. వేషాలు లేకుండా చేసిన రిహార్సల్ నృత్యాన్ని సరిచూస్తుంది, వరుసను సరిచూడదు. ఆ రోజు ఒకరు గడియారం పట్టుకుని కూర్చుని, పాట ఆగిన క్షణం నుంచి తర్వాతి పాట మొదలైన క్షణందాకా ఎంత పట్టిందో ప్రతి ఐటమ్‌కూ రాయాలి. మూడు నిమిషాలు దాటిన చోట, యాంకర్ రెండోసారి నోరు విప్పాల్సి వచ్చిన చోట చిక్కు ఉన్నట్టు. చిక్కు వేషానిదా, సామానుదా, పిల్లలను సమయానికి పిలవకపోవడమా అన్నది చూసి, అక్కడికి ఆ ఎనిమిదింటిలో ఒకదాన్ని జరపాలో, లేక పిలిచే మనిషిని మార్చాలో తేల్చుకోవాలి. ఈ ఎనిమిది చీటీల మీదా ముందే చుక్క పెట్టి ఉంచుతారు. ముఖ్య అతిథి దారిలో చిక్కుకుని ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, సభను వెనక్కి నెట్టి సినిమా పాట, కోలాటం ముందుకు తెస్తారు. నిర్ణయం వేదిక మీద గుసగుసలుగా జరగకుండా ముందే రాసి ఉండాలి, ఎందుకంటే సౌండ్ మనిషికీ యాంకర్‌కూ ఆ మార్పు ఒకేసారి తెలియాలి. సమయం మరీ మించితే ఏది తగ్గించాలన్నది కూడా అంతే. పిల్లల ఐటమ్ తీసేయడం కాకుండా, మెడ్లీలో ఒక పాట, నివేదికలో రెండు పేజీలు, సన్మానాల్లో శాలువాలు తగ్గుతాయని ముందురోజే రాసుకుంటారు. శాలువాల దగ్గర తగ్గించడం అన్నిటికన్నా కష్టం.

దేశభక్తి నృత్యం అయ్యాక ఆ పిల్లలను వేదిక దిగనివ్వరు. వందన సమర్పణ రెండు నిమిషాల్లో ముగుస్తుంది, వాళ్ళు నిలబడ్డ చోటే నిలబడి జనగణమన పాడతారు. పూర్తి జాతీయ గీతానికి 52 సెకన్లు. ఆఖరి చీటీ అదే, పెన్‌డ్రైవ్‌లో `15` అంకెతో ఉంటుంది, దానికి ముందు యాంకర్ చెప్పాల్సింది లేచి నిలబడమని ఒక్క మాట.